తొంభై తొమ్మిది దగ్గర ఏం జరుగుతుంది?

కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో పెద్ద ఫైలు దించుకునే వాళ్లందరికీ ఇది అనుభవమే. పావుగంట పాటు గీత చక్కగా సాగుతుంది. 99 శాతం అని చూపిస్తుంది. ఇక అక్కడి నుంచి కదలదు. ఆపేసి మళ్లీ మొదలుపెట్టాలా, ఇంకాసేపు చూడాలా అన్నది తేలక తెర వంక చూస్తూ కూర్చుంటాం. 37 దగ్గర ఆగితే ఇంత చిరాకు పుట్టదు. క్రిస్ హారిసన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు రకరకాలుగా కదిలే గీతలను జనానికి చూపించి, ఏది త్వరగా పూర్తయినట్టు అనిపించిందో అడిగారు. ఆ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. చివర్లో వేగం అందుకునే గీత త్వరగా అయిపోయినట్టు అనిపిస్తుందనీ, చివర్లో వచ్చే నిలుపుదలను జనం ఓర్చుకోలేరనీ వాటిలో తేలింది.

చిరాకు సంగతి అలా ఉంచి, అసలు ఎందుకు ఆగుతుందో చూద్దాం. ఫైలు బయలుదేరే సర్వర్ దగ్గర ఆగవచ్చు. అది ప్రయాణించే నెట్‌వర్క్‌లో ఆగవచ్చు. మన ఇంటికి వచ్చాక, డిస్కులో సర్దుకునే చోట ఆగవచ్చు. తెర మీద మూడూ ఒకేలా కనిపిస్తాయి. కానీ ఒకదానికి ఐదు నిమిషాలు ఆగితే చాలు, ఇంకొకదానికి తెల్లవార్లూ కూర్చున్నా ఫలితం ఉండదు. అందుకే ఎక్కడ ఆగిందో పోల్చుకోవడం తెలియాలి.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఉబుంటు లాంటి ఆపరేటింగ్ సిస్టం ఫైలు ఒకటి దించుతున్నామనుకుందాం. సైజు 6 జీబీ, అంటే 600 కోట్ల బైట్లు. ఇంట్లో ఉన్నది 40 ఎంబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్. నెట్ కంపెనీలు వేగాన్ని బిట్లలో చెబుతాయి, ఫైలు సైజు బైట్లలో ఉంటుంది. బైటుకు 8 బిట్లు కాబట్టి మనకు సెకనుకు 5 ఎంబీ వస్తుంది. ఆ లెక్కన ఫైలు మొత్తం దిగడానికి 1,200 సెకన్లు, అంటే 20 నిమిషాలు పడుతుంది.

ఒక్క శాతం ఎంత?

మనకు కనిపించే శాతం చిన్న భాగహారం. వచ్చిన బైట్లను మొత్తం బైట్లతో భాగించి, నూటితో హెచ్చించి, దశాంశాలు వదిలేస్తే అదే. చాలా ప్రోగ్రాములు దశాంశాన్ని పైకి సవరించవు, కత్తిరించేస్తాయి. కాబట్టి 99.01 అయినా 99.99 అయినా తెర మీద 99గానే ఉంటుంది. మన ఫైలులో ఒక శాతం 60 ఎంబీ. తెర మీద 99 కనిపించిన క్షణాన ఇంకా 60 ఎంబీ రావాల్సి ఉండవచ్చు. మన వేగానికి అది 12 సెకన్ల పని.

సాయంత్రం పూట ఇంట్లో అందరూ వీడియోలు చూస్తుంటే ఆ వేగం పదో వంతుకు పడిపోవచ్చు. అప్పుడు అదే 60 ఎంబీకి రెండు నిమిషాలు పడుతుంది. ఇంకా పెద్ద ఫైలైతే సంగతి చెప్పనక్కర్లేదు. 100 జీబీ ఆటను దించుకునే కుర్రాడికి ఆఖరి శాతం అంటే ఒక జీబీ. అది ఆగిపోవడం కాదు, ఆ అంకె అంత తొందరగా మారదంతే.

కాబట్టి ముందు మన ఫైలులో ఒక శాతానికి ఎంత సమయం పడుతుందో లెక్క వేసుకోవాలి. మన ఉదాహరణలో 12 సెకన్లు. వేగం తగ్గిందనుకున్నా రెండు మూడు నిమిషాలు. అంతకు మించి నిలిచిపోతే నిజంగానే ఎక్కడో చిక్కు ఉన్నట్టు.

సర్వర్ చెప్పిన లెక్క

శాతం కట్టడానికి మొత్తం ఎన్ని బైట్లో ముందే తెలియాలి. ఆ సంఖ్యను బ్రౌజర్ ఊహించదు. ఫైలు పంపడానికి ముందు సర్వర్ కొన్ని వరుసల సమాచారం పంపుతుంది. అందులో ఒక వరుస ఇలా ఉంటుంది:

```
Content-Length: 6000000000
```

ఈ వరుస ఉంటేనే శాతం కనిపిస్తుంది. కొన్ని ఫైళ్లు దిగేటప్పుడు శాతం లేకుండా ఇన్ని ఎంబీ వచ్చిందని మాత్రమే చూపించడం గమనించే ఉంటారు. అక్కడ సర్వర్ సైజు చెప్పలేదని అర్థం. తెర మీద 99 కనిపించిందంటే సర్వర్ ఒక సంఖ్య చెప్పిందన్న మాట. ఇక ఆ సంఖ్య సరైనదేనా అన్నది మిగిలిన ప్రశ్న.

మామూలుగా సర్వర్ డిస్కులోని ఫైలును నేరుగా పంపితే ఆ సంఖ్య తప్పదు. మధ్యలో ఎవరో రాసిన ప్రోగ్రాము ఫైలును అందిస్తుంటే తప్పడానికి దారులున్నాయి. ఒక సైటులో ప్రతి ఫైలు సైజునూ డేటాబేస్‌లో రాసి పెట్టుకున్నారనుకుందాం. తర్వాత ఎవరో ఫైలును కొత్తదానితో మార్చారు. కొత్తది 20 ఎంబీ తక్కువ. డేటాబేస్‌లో పాత సంఖ్యే ఉంది. సర్వర్ 600 కోట్ల బైట్లని చెప్పి 598 కోట్లే పంపుతుంది. బ్రౌజర్ లెక్కలో 99.67 శాతం వచ్చింది. సర్వర్ దృష్టిలో తన పని అయిపోయింది. బ్రౌజర్ దృష్టిలో ఇంకా 2 కోట్ల బైట్లు రావాలి. ఒకరు ముగించారు, ఇంకొకరు ఎదురు చూస్తున్నారు.

అప్పుడు సర్వర్ కనెక్షన్‌ను వెంటనే తెంచేస్తే బ్రౌజర్ నెట్‌వర్క్ లోపం అని చెప్పి చేతులెత్తేస్తుంది. మనకు కనీసం విషయం తెలుస్తుంది. అయితే సర్వర్లు కనెక్షన్‌ను అంత త్వరగా తెంచవు. అదే బ్రౌజర్ మరో ఫైలు అడుగుతుందేమోనని కాసేపు తెరిచి ఉంచడం వాటి అలవాటు. బాగా వాడుకలో ఉన్న ఎన్జిన్ఎక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో, ఎవరూ మార్చకపోతే ఆ గడువు 75 సెకన్లు. ఇతర చోట్ల వేరుగా ఉంటుంది. ఆ గడువు తీరే దాకా గీత 99 మీద కదలకుండా నిలబడి, తర్వాత లోపం అని వస్తుంది.

ఇంకో రకం తప్పు కూడా ఉంది. ప్రోగ్రాములు బైట్లను ఒక్కొక్కటిగా పంపవు. కొన్ని వేల బైట్లను ఒక చోట పోగుచేసి, ఆ చోటు నిండగానే పంపుతాయి. ఆఖరి పోగు సాధారణంగా నిండదు. నిండకపోయినా పంపేయమని ప్రోగ్రాము రాసినవారు చెప్పడం మరిచిపోతే ఆ చివరి ముక్క సర్వర్ మెమరీలోనే ఉండిపోతుంది. ఆరు వందల కోట్ల బైట్లు వచ్చాక ఏ ఐదారు వేల బైట్ల దగ్గరో ఆగేది ఇలాంటప్పుడే.

సర్వర్ తప్పును గుర్తుపట్టడం తేలిక. ఎన్నిసార్లు దించినా అది సరిగ్గా ఒకే బైటు దగ్గర ఆగుతుంది. ఇంటి వైఫై వదిలి ఫోన్ డేటా మీద ప్రయత్నించినా, వేరే ఊళ్లో ఉన్న స్నేహితుడు ప్రయత్నించినా అక్కడే ఆగుతుంది. అప్పుడు మన రూటర్‌ను ఎన్నిసార్లు ఆపి వెలిగించినా ఉపయోగం లేదు. సైటు వాళ్లకు చెప్పాలి, లేదా అదే ఫైలు ఇంకో చోట దొరుకుతుందేమో చూడాలి.

చివరి ప్యాకెట్ల చిక్కు

ఇప్పుడు సర్వర్ సరిగ్గానే పంపిందనుకుందాం. ఫైలు ఒక్క ముక్కగా రాదు. సుమారు 1,460 బైట్ల చొప్పున ప్యాకెట్లుగా వస్తుంది. మన 6 జీబీకి దాదాపు 41 లక్షల ప్యాకెట్లు. దారిలో కొన్ని పోవడం మామూలే. పోయినవాటిని మళ్లీ తెప్పించే బాధ్యత టీసీపీ అనే పద్ధతిది. ప్రతి ప్యాకెట్‌లోనూ వరుస సంఖ్య ఉంటుంది, అందినవాటికి మన కంప్యూటర్ రసీదు పంపుతూ ఉంటుంది.

మధ్యలో ఒక ప్యాకెట్ పోతే కనిపెట్టడం సులువు. 500వది రాలేదు, 501, 502, 503 వచ్చాయి. అవి వచ్చిన ప్రతిసారీ మన కంప్యూటర్ ‘నాకింకా 500వదే కావాలి’ అన్న రసీదు పంపుతుంది. అదే రసీదు మళ్లీ మళ్లీ, మూడుసార్లు రాగానే సర్వర్‌కు విషయం అర్థమై 500వ ప్యాకెట్‌ను వెంటనే పంపేస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా జరుగుతుంది, గీత తొణకదు.

చిట్టచివరి ప్యాకెట్లు పోతే ఈ ఉపాయం పనిచేయదు. వాటి వెనక వచ్చే ప్యాకెట్లు లేవు. కాబట్టి పోయాయని చెప్పే రసీదులూ లేవు. సర్వర్ తన గడియారం చూసుకుంటూ, రసీదు రావాల్సిన సమయం దాటాక మళ్లీ పంపాలి. ఈ బలహీనత తెలిసే, చివర్లో గడువు తీరకముందే ఒక ప్యాకెట్‌ను మళ్లీ పంపి చూసే ఏర్పాటు కొత్త సాఫ్ట్‌వేర్లలో వచ్చింది. 2021లో దానికి ప్రమాణ పత్రం కూడా వెలువడింది. మామూలు నష్టాలను అది సర్దేస్తుంది. కానీ నెట్ కొన్ని సెకన్ల పాటు పూర్తిగా పోతే అదీ ఏమీ చేయలేదు.

అలాంటప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. రసీదు రాకపోతే సర్వర్ ఒక సెకను ఆగి పంపిందనుకుందాం. అదీ అందకపోతే ఈసారి రెండు సెకన్లు ఆగుతుంది. తర్వాత నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. ప్రతిసారీ గడువు రెట్టింపు. దారిలో రద్దీ ఉంటే దాన్ని ఇంకా పెంచకూడదన్నది ఇందులోని మర్యాద. అంటే మొదలైనప్పటి నుంచి 1, 3, 7, 15, 31, 63 సెకన్ల దగ్గర ప్రయత్నాలు జరుగుతాయి. మన వైఫై 35 సెకన్లు పోయి తిరిగి వచ్చింది. 31వ సెకను ప్రయత్నం అప్పటికే వృథా అయింది. తర్వాతది 63వ సెకనుకు. నెట్ వచ్చినా, ఇతర సైట్లు హాయిగా తెరుచుకుంటున్నా, ఈ డౌన్‌లోడ్ ఇంకో 28 సెకన్లు కదలదు. నెట్ బాగానే ఉంది కదా, ఇదెందుకు ఆగిందన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

ఇంతకంటే పెద్ద చిక్కు మన వైపు ఉంది. సర్వర్‌కైనా రసీదు రాలేదన్న ఆనవాలు ఉంటుంది. లినక్స్ సర్వర్ మామూలు అమరికలో పావుగంటకు పైగా ప్రయత్నించి వదిలేస్తుంది. మన కంప్యూటర్‌కు ఆ ఆనవాలు కూడా లేదు. అది వింటూ కూర్చుంటుందే తప్ప పంపాల్సిందేమీ లేదు. బైట్లు రాకపోవడానికి అవతలివారు నిదానించారా, దారి తెగిందా అన్నది దానికి తెలియదు. ఇంకా ఉన్నావా అని టీసీపీ పలకరించే ఏర్పాటు ఉంది కానీ, మామూలుగా అది రెండు గంటల మౌనం తర్వాత గానీ జరగదు. ప్రోగ్రాము తన సొంత గడువు పెట్టుకోకపోతే తెగిపోయిన కనెక్షన్ మీద 99 శాతం అలాగే నిలబడి ఉంటుంది.

ఫోన్లలో ఇది తరచూ జరుగుతుంది. ఇంట్లో వైఫై మీద మొదలుపెట్టి, ఫోన్ జేబులో వేసుకుని వీధిలోకి వెళ్తాం. ఫోన్ మొబైల్ డేటాకు మారుతుంది. దానితో ఫోన్ చిరునామా మారిపోతుంది. టీసీపీ దృష్టిలో కనెక్షన్ అంటే రెండు చివరల చిరునామాలూ పోర్టు సంఖ్యలూ కలిసిన జత. చిరునామా మారితే ఆ కనెక్షన్ ఇక లేనట్టే. సర్వర్ మాత్రం పాత చిరునామాకే పంపుతూ ఉంటుంది. 2021లో ప్రమాణంగా వచ్చిన క్విక్ అనే కొత్త పద్ధతిలో కనెక్షన్‌కు చిరునామాతో సంబంధం లేని గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి, రెండు వైపులా ఆ సదుపాయం ఉంటే మారినా కొనసాగుతుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. నెట్ 37 శాతం దగ్గరా పోతుంది, 62 దగ్గరా పోతుంది. అవి మనకు గుర్తుండవు. అయినా ప్రత్యేకంగా చివర్లోనే ఆపే నెట్‌వర్క్ ఏర్పాట్లు రెండున్నాయి. ఒకటి డౌన్‌లోడ్ మేనేజర్లు. ఇవి ఫైలును ఎనిమిదో పదహారో భాగాలు చేసి ఒకేసారి దించుతాయి. ఏడు భాగాలు ముగిసి, ఎనిమిదోది నత్తనడకన వస్తుంటే మొత్తం లెక్క 99 దగ్గర కూర్చుంటుంది. రెండోది ఆఫీసుల్లో, కాలేజీల్లో ఉండే వైరస్ తనిఖీ పెట్టె. ఫైలు మొత్తం వస్తే గానీ అది తనిఖీ చేయలేదు. అప్పటిదాకా బ్రౌజర్ విసిగి వదిలేయకుండా కొంచెం కొంచెంగా బైట్లు విడుదల చేస్తూ, ఆఖరి ముక్కను మాత్రం తన దగ్గరే పట్టి ఉంచుతుంది. తనిఖీ అయ్యాక వదులుతుంది. వైరస్ ఉందని తేలితే వదలదు. ఆఫీసులో ఆగే ఫైలు ఇంటి దగ్గర ఇబ్బంది లేకుండా దిగితే ఈ పెట్టెనే అనుమానించాలి.

వచ్చింది, చేరలేదు

కొన్నిసార్లు బైట్లన్నీ వచ్చేసి ఉంటాయి. మిగిలిన పని మన యంత్రం లోపలే.

కోతల కాలంలో మార్కెట్ యార్డుకు లారీలు వరుసగా వచ్చి బస్తాలు దింపేసి వెళ్లిపోతాయి. అవి గోదాములోకి చేరడం హమాలీల చేతుల్లో ఉంటుంది. లారీలన్నీ వెళ్లిపోయాక కూడా ఆవరణలో గుట్ట మిగిలే ఉంటుంది. డిస్కు విషయంలో ఆ ఆవరణ ర్యామ్. ఏ ప్రోగ్రామైనా డిస్కులో రాయమని ఇచ్చిన బైట్లను ఆపరేటింగ్ సిస్టం ముందు ర్యామ్‌లో దింపుకుని, రాశానని చెప్పేస్తుంది. అసలు రాత వెనక నిదానంగా జరుగుతుంది.

మన ఫైలును చవక రకం మెమరీ కార్డు మీదికి దించుతున్నామనుకుందాం. నెట్ సెకనుకు 5 ఎంబీ తెస్తోంది. కార్డు సెకనుకు 4 ఎంబీ మాత్రమే రాయగలదు. సెకనుకు ఒక ఎంబీ చొప్పున ర్యామ్‌లో పేరుకుంటుంది. 1,200 సెకన్లు గడిచేసరికి ఫైలంతా వచ్చేసింది, 1,200 ఎంబీ మాత్రం ఇంకా ర్యామ్‌లోనే ఉంది. లినక్స్ మామూలు అమరికలో, అందుబాటులో ఉన్న మెమరీలో ఐదో వంతు దాకా ఇలా పేరుకోనిస్తుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో ఈ 1,200 ఎంబీ ఆ హద్దు లోపలే ఇమిడిపోతుంది. అది కార్డులోకి చేరడానికి సెకనుకు 4 ఎంబీ చొప్పున 300 సెకన్లు, అంటే ఐదు నిమిషాలు కావాలి. కొన్ని ప్రోగ్రాములు అంతా డిస్కులో పడిందని తేలాకే పూర్తయిందని చెబుతాయి. వాటిలో ఈ ఐదు నిమిషాలూ 99 శాతంగా కనిపిస్తాయి. కొన్ని ముందే 100 అనేస్తాయి. అప్పుడు ఆ ఐదు నిమిషాలు కార్డును ‘ఎజెక్ట్’ చేసేటప్పుడు బయటపడతాయి. అప్పుడే తొందరపడి లాగేస్తే ఫైలు చెడిపోతుంది.

ఫైలును ఒకచోట దించి మరోచోటికి మార్చే ప్రోగ్రాములూ ఉన్నాయి. ఒకే డిస్కు లోపల మార్చడమంటే పేరు మార్చడమే, క్షణంలో అయిపోతుంది. తాత్కాలిక ఫోల్డర్ ఒక డిస్కులో, మనం కోరిన ఫోల్డర్ ఇంకో డిస్కులో ఉంటే 6 జీబీ మొత్తం మళ్లీ కాపీ కావాలి. సెకనుకు 100 ఎంబీ రాసే హార్డ్ డిస్కుకైనా అది నిమిషం పని. భాగాలుగా దించిన మేనేజరు ఆ భాగాలను ఒక్కటిగా అతికేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఆ సమయంలో పాతదీ కొత్తదీ రెండూ డిస్కులో ఉంటాయి కాబట్టి 6 జీబీ ఫైలుకు 12 జీబీ దాకా ఖాళీ కావాల్సి రావచ్చు. 8 జీబీ ఖాళీ ఉంది కదా అని మొదలుపెట్టినవారికి చివర్లో అడ్డు పడేది ఇదే.

పెన్ డ్రైవ్‌ల మీద ఇంకో హద్దు ఉంది. చాలా పెన్ డ్రైవ్‌లు ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో సర్ది ఉంటాయి. అందులో ఒక ఫైలు 4,294,967,295 బైట్లకు మించకూడదు. మన 6 జీబీ ఫైలైతే 71 శాతం దగ్గరే ఆగుతుంది. ఫైలు 4.33 జీబీదైతే ఆ హద్దు సరిగ్గా 99 దగ్గర తగులుతుంది. డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు. దాన్ని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోకి ఫార్మాట్ చేస్తే ఈ హద్దు తొలగుతుంది. ఫార్మాట్ చేస్తే లోపలున్నవన్నీ పోతాయి కాబట్టి ముందు వాటిని మరో చోటికి మార్చుకోవాలి.

ఇక యాంటీవైరస్. దిగుతున్న ఫైలుకు క్రోమ్ `.crdownload` అనీ, ఫైర్‌ఫాక్స్ `.part` అనీ తాత్కాలిక పేరు పెడతాయి. విండోస్‌లో ఆఖరి బైటు వచ్చాక బ్రౌజర్ ఆ ఫైలును తనిఖీకి అప్పగిస్తుంది. అది ముగిశాకే అసలు పేరు. వేల చిన్న ఫైళ్లను కుదించి ఒక్కటిగా చేసిన జిప్ ఫైలైతే లోపలున్నవన్నీ విప్పి చూడాలి. పాత హార్డ్ డిస్కున్న యంత్రంలో దీనికి నిమిషాలు పట్టవచ్చు.

నాలుగు బైట్లను మార్చిన రూటర్

టొరెంట్ డౌన్‌లోడ్‌లకు 99తో వేరే కథ ఉంది. అక్కడ ఫైలును ముక్కలుగా చేసి, ప్రతి ముక్కకూ ముందే ఒక గుర్తు లెక్క కట్టి ఉంచుతారు. వచ్చిన ముక్క ఆ గుర్తుకు సరిపోకపోతే పారేసి మళ్లీ తెప్పిస్తారు. పూర్తి ఫైలున్న వారెవరూ ఆన్‌లైన్‌లో లేకపోతే, ఉన్నవారందరి దగ్గరా లేని ముక్క ఎప్పటికీ రాదు. 99 దగ్గర ఆగే టొరెంట్లలో ఎక్కువ భాగం ఇవే. ఇందులో అర్థం కానిదేమీ లేదు.

2000ల దశకంలో టొరెంట్ వాడేవారిని తికమక పెట్టిన రకం వేరు. పూర్తి ఫైలున్నవారు ఎందరో ఉన్నా, ఒక్క ముక్క మాత్రం ఎన్నిసార్లు వచ్చినా గుర్తుకు సరిపోక 99.9 దగ్గరే తిరుగుతూ ఉండేది. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, తప్పు ఇంట్లోని రూటర్‌ది. కొన్ని రకాల రూటర్లలో డీఎంజెడ్ లేదా గేమింగ్ అమరిక పెడితే, అవి ప్యాకెట్ల పై వివరాల్లోనే కాకుండా లోపలి సరుకులో కూడా ఇంటి బయటి ఐపీ చిరునామా కనిపిస్తే లోపలి చిరునామాగా మార్చేసేవి. కొన్ని ఆటల కోసం పెట్టిన సదుపాయం అది.

ఐపీ చిరునామా నాలుగు బైట్లు. నాలుగు బైట్ల వరుసలు మొత్తం 429 కోట్ల రకాలు. మన 6 జీబీ ఫైలులో అలాంటి వరుస 600 కోట్ల చోట్ల మొదలుకావచ్చు. కుదించిన ఫైళ్లలో బైట్లు దాదాపు కలగాపులగంగా ఉంటాయి కాబట్టి, ఏ ఇంటి చిరునామా అయినా అందులో సగటున ఒకటి రెండు చోట్ల కేవలం యాదృచ్ఛికంగా కనిపిస్తుంది. రూటర్ సరిగ్గా ఆ చోట్లనే మార్చేది. మార్చాక ప్యాకెట్ సరిచూపు లెక్కను కూడా సరిచేసి పంపేది కాబట్టి టీసీపీకి అనుమానం రాదు. టొరెంట్ గుర్తు లెక్క మాత్రం పట్టేసేది. మళ్లీ తెప్పిస్తే మళ్లీ అదే రూటర్, అదే మార్పు.

చిన్న ఫైళ్లకు ఈ జబ్బు రాకపోవడానికి కారణం కూడా ఆ లెక్కలోనే ఉంది. పది ఎంబీ పాటలో ఆ నాలుగు బైట్లు తగిలే అవకాశం నాలుగు వందల్లో ఒకటి. ఆ అమరిక తీసేసినా, టొరెంట్ ప్రోగ్రాములో ఎన్‌క్రిప్షన్ పెట్టినా సమస్య పోయేది. రూటర్‌కు సరుకు కనిపించకపోతే మార్చేదేమీ ఉండదు.

ఎక్కడ ఆగిందో కనిపెట్టడం

మన ఉదాహరణకే వద్దాం. 12 సెకన్లు దాటాయి, మూడు నిమిషాలూ దాటాయి. గీత 99 దగ్గరే ఉంది. దేనినీ రద్దు చేయకుండా ముందు ఫోల్డర్ తెరిచి తాత్కాలిక ఫైలు సైజు చూడాలి. పక్కనే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, అందులో నెట్‌వర్క్, డిస్క్ గ్రాఫులు చూడాలి.

ఫైలు సైజు పూర్తిగా ఉండి, నెట్‌వర్క్ గ్రాఫు నేల మీద, డిస్క్ గ్రాఫు 100 దగ్గర ఉంటే బైట్లన్నీ వచ్చేశాయి. రాతో, కాపీనో, తనిఖీనో జరుగుతోంది. తనిఖీ అయితే జాబితాలో `Antimalware Service Executable` లాంటి పేరు పైకి వచ్చి కనిపిస్తుంది. ఇక్కడ మందు ఓపికే. రద్దు చేస్తే ఇరవై నిమిషాల డౌన్‌లోడ్ గంగపాలు.

సైజు తక్కువ ఉండి, నెట్‌వర్క్ గ్రాఫు కొద్దికొద్దిగా కదులుతుంటే నెట్ నెమ్మదించింది, అంతే. రెండు గ్రాఫులూ నేల మీదే ఉండి, సైజు కూడా పెరగకపోతే కనెక్షన్ చచ్చిందని లెక్క. అప్పుడు రద్దు నొక్కకుండా పాజ్ చేసి, మళ్లీ కొనసాగించాలి. బ్రౌజర్ కొత్త కనెక్షన్ తెరిచి, ఇన్ని బైట్లు నా దగ్గరున్నాయి, తర్వాతివి పంపమని అడుగుతుంది. సర్వర్‌కు ఆ సదుపాయం ఉంటే 206 అనే సంఖ్యతో జవాబిచ్చి మిగతాది పంపుతుంది. లేకపోతే 200తో మొదటి నుంచి మొదలుపెడుతుంది. కొన్ని సైట్లు ఇచ్చే లింకులకు గడువుంటుంది. అది తీరిపోతే 403 వస్తుంది, సైటులోకి మళ్లీ వెళ్లి కొత్త లింకు తెచ్చుకోవాలి. బ్రౌజర్‌తో కుదరనప్పుడు ఇదే పనిని కర్ల్ అనే ప్రోగ్రాముతో చేయవచ్చు. సగం దిగిన ఫైలున్న ఫోల్డర్‌లోనే, అదే పేరుతో ఉంటే ఈ ఆదేశం అక్కడి నుంచి అందుకుంటుంది:

```
curl -C - -O https://example.com/file.iso
```

కొనసాగించినా పదేపదే అదే బైటు దగ్గర ఆగితే ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒకసారి ప్రయత్నించాలి. దాని మీద పూర్తయితే తప్పు మన రూటర్‌దో, ఆఫీసు తనిఖీ పెట్టెదో. దాని మీదా అక్కడే ఆగితే తప్పు సర్వర్‌ది.

ఎలాగోలా 100 చూపించాక ఇంకో పని మిగిలి ఉంటుంది. ఆగి ఆగి, అతికి అతికి వచ్చిన ఫైలు సరిగ్గా వచ్చిందా అన్నది సైజు చూసి చెప్పలేం. టొరెంట్ చేసే సరిచూపును నేరుగా దించిన ఫైలుకు మనమే చేసుకోవచ్చు. ఉబుంటు వంటి సంస్థలు ప్రతి ఫైలు పక్కన దాని ఎస్‌హెచ్‌ఏ-256 గుర్తును ప్రచురిస్తాయి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా టైపు చేస్తే మన దగ్గరున్న ఫైలు గుర్తు వస్తుంది:

```
certutil -hashfile file.iso SHA256
```

64 అక్షరాల ఆ వరుస సైటులో ఉన్నదానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. 600 కోట్ల బైట్లలో ఒక్కటి మారినా వరుస మొత్తం మారిపోతుంది. అది సరిపోయాక పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోవచ్చు. సరిపోకపోతే తెర మీద 100 అని ఉన్నా సరే, ఆ ఫైలును తీసేసి మళ్లీ దించుకోవాల్సిందే.